మిన్-హీప్‌లో ఇండెక్స్ లెక్క: సూత్రం సరిగ్గానే రాశారా?

బైనరీ మిన్-హీప్ అనేది ఒక విలువల గుంపులోంచి అన్నిటికన్నా చిన్నదాన్ని అడిగిన వెంటనే తీసి ఇవ్వడానికి ప్రోగ్రామర్లు వాడే అమరిక. కాగితం మీద గీస్తే ఇది చెట్టులా ఉంటుంది. పైన రూట్ అనే ఒక నోడ్, దాని కింద ఇద్దరు పిల్లలు, వాళ్లలో ఒక్కొక్కరి కింద మళ్లీ ఇద్దరు. పాటించాల్సిన నియమం ఒక్కటే: ఏ పేరెంట్ విలువా తన పిల్లల విలువ కన్నా పెద్దది కాకూడదు. ఎడమ చైల్డ్‌కూ కుడి చైల్డ్‌కూ మధ్య ఏ క్రమమూ అక్కర్లేదు. ఏ కొమ్మ పట్టుకుని పైకి వెళ్లినా విలువ తగ్గుతూనో, సమానంగానో వస్తుంది కాబట్టి గుంపులోకెల్లా చిన్న విలువ రూట్‌లో ఉండి తీరుతుంది.

కొత్త విలువ వస్తే దాన్ని చెట్టు చివర పెట్టి పేరెంట్‌తో పోలుస్తారు. చిన్నదైతే ఇద్దరి చోట్లూ మార్చి, పైనున్న పేరెంట్‌తో మళ్లీ పోలుస్తారు. రూట్‌ను తీసేసినప్పుడు చివరి విలువను తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టి, ఇద్దరు పిల్లల్లో చిన్నవాడితో పోలుస్తూ కిందికి దింపుతారు. పైకి ఎక్కడానికి పేరెంట్ ఎక్కడున్నాడో తెలియాలి, కిందికి దిగడానికి పిల్లలు ఎక్కడున్నారో తెలియాలి. హీప్ చేసే పనంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది.

జె. డబ్ల్యూ. జె. విలియమ్స్ 1964లో హీప్‌సార్ట్ పద్ధతిని ప్రచురించినప్పుడే ఈ చెట్టును మామూలు అర్రేలో దాచే ఏర్పాటు అందులో ఉంది. పై వరుస నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరుసనూ ఎడమ నుంచి కుడికి, మధ్యలో ఖాళీ వదలకుండా అర్రేలో పేర్చుకుంటూ పోతారు. ఎవరు ఎవరి పిల్లలో విడిగా ఎక్కడా రాసిపెట్టరు. అర్రేలో ఒక విలువ ఎన్నో గదిలో ఉందో చూసి, పేరెంట్ గదినీ పిల్లల గదులనూ లెక్క కట్టి తెలుసుకుంటారు. జాగా ఎంతో ఆదా అవుతుంది. కానీ దీనికి మరో వైపు ఉంది. చెట్టు ఆకారమంతా మూడు చిన్న సూత్రాల్లోనే ఉంటుంది కాబట్టి, ఒక సూత్రంలో ఒకటి ఎక్కువో తక్కువో పడితే అది తప్పని చెప్పే సాక్ష్యం మెమరీలో ఇంకెక్కడా ఉండదు. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు. ఆ సూత్రం చూపించిన చెట్టునే అసలు చెట్టు అనుకుని పని చేసుకుపోతుంది.

అందువల్ల సూత్రాన్ని బట్టీ పట్టడం కన్నా, అవసరమైనప్పుడు అరనిమిషంలో రాబట్టుకోగలగడం మేలు. దానికి పెద్ద గణితం అక్కర్లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు.

అర్రేలో ఇండెక్స్ సున్నా నుంచి మొదలైతే, ఒక విలువ ఇండెక్స్ అంటే దానికి ముందు ఎన్ని విలువలున్నాయో ఆ సంఖ్యే. ఇండెక్స్ `i` దగ్గరున్న నోడ్‌కు ముందు సరిగ్గా `i` నోడ్‌లు ఉంటాయి. ఇప్పుడు ఆ నోడ్ ఎడమ చైల్డ్‌కు ముందు ఎవరెవరు ఉంటారో చూడాలి. ఎవరికీ పిల్ల కాని రూట్ ఒకటి. ఆ తర్వాత, మనవాడికి ముందున్న `i` నోడ్‌ల పిల్లలు, తలా ఇద్దరు చొప్పున `2*i` మంది. వరుస తప్పకుండా పేర్చాం కాబట్టి వీళ్లు తప్ప ఇంకెవరూ ముందుండరు. మొత్తం `2*i + 1`. అదే ఎడమ చైల్డ్ ఇండెక్స్. కుడి చైల్డ్ ఆ పక్క గదిలోనే ఉంటుంది కాబట్టి దాని ఇండెక్స్ `2*i + 2`.

పేరెంట్ సూత్రం దీన్ని తిరగేస్తే వస్తుంది. ఒక నోడ్ ఇండెక్స్ `j` అనుకుంటే, అది `2*i + 1` అయినా కావాలి, `2*i + 2` అయినా కావాలి. ఒకటి తీసేస్తే `2*i` లేదా `2*i + 1` మిగులుతుంది. దాన్ని రెండుతో భాగించి శేషం వదిలేస్తే రెండు సందర్భాల్లోనూ `i` వస్తుంది. అంటే పేరెంట్ ఇండెక్స్ `(j - 1)` లో సగం, శేషం లేకుండా. పైథాన్‌లో రాస్తే మూడూ ఇలా ఉంటాయి:

```python
def parent(j): return (j - 1) // 2
def left(i):   return 2 * i + 1
def right(i):  return 2 * i + 2
```

ఇండెక్స్ ఒకటి నుంచి మొదలయ్యే అర్రేకూ ఇదే లెక్క. అప్పుడు `i` కి ముందు `i - 1` నోడ్‌లే ఉంటాయి, వాళ్ల పిల్లలు `2*i - 2` మంది. రూట్‌ను కలిపితే `2*i - 1`. అంతమంది ముందున్నారంటే ఎడమ చైల్డ్ ఉండేది `2*i` లో, కుడి చైల్డ్ `2*i + 1` లో. పేరెంట్ `j` లో సగం, శేషం లేకుండా. విలియమ్స్ రాసిన ఆల్గాల్ అర్రేలు ఒకటి నుంచే మొదలయ్యాయి. అల్గారిథమ్స్ పాఠ్యపుస్తకాలు చాలావరకు ఆ పద్ధతిలోనే చెబుతాయి, ఎందుకంటే సూత్రాలు చూడటానికి అందంగా ఉంటాయి. కానీ సీ, జావా, పైథాన్, గో వంటి నేటి భాషల్లో అర్రే సున్నాతో మొదలవుతుంది. పుస్తకంలో చదివిన సూత్రం ఒక పద్ధతిది, చేతిలో ఉన్న అర్రే ఇంకో పద్ధతిది. తప్పులు ఎక్కువగా పుట్టేది ఈ సందులోనే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు రెండు పద్ధతుల కలగాపులగం. పిల్లల సూత్రాలు సున్నా పద్ధతిలో `2*i + 1`, `2*i + 2` అని సరిగ్గానే రాసి, పేరెంట్‌ను మాత్రం పుస్తకంలో చూసినట్టు `j // 2` అని రాసేస్తారు. ఇది పూర్తిగా తప్పయితే మొదటి పరీక్షలోనే దొరికిపోయేది. సగమే తప్పు కావడం దీని ప్రత్యేకత. `j` బేసి సంఖ్య అయితే `j // 2`, `(j - 1) // 2` రెండూ ఒకటే: ఇండెక్స్ 1కి పేరెంట్ 0, 3కి 1, 5కి 2. బేసి ఇండెక్స్‌లన్నీ ఎడమ పిల్లలవి కాబట్టి ఎడమ పిల్లలందరికీ సరైన పేరెంటే దొరుకుతాడు. సరి ఇండెక్స్‌ల దగ్గరే లెక్క తప్పుతుంది. 2కి పేరెంట్ 0 కావాల్సింది 1 అవుతుంది, 4కి 1 బదులు 2, 6కి 2 బదులు 3. కుడి పిల్లలందరూ పక్కింటి పేరెంట్‌ను చూస్తుంటారు.

ఇది ఎలా దెబ్బ తీస్తుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. మొదట్లో హీప్‌లో నాలుగు విలువలు ఉన్నాయనుకోవాలి: `[1, 5, 2, 6]`. ఇది సరైన మిన్-హీప్. రూట్ 1 కింద 5, 2 ఉన్నాయి, 5 కింద 6 ఉంది. ఇప్పుడు 3 వచ్చింది. చివర, ఇండెక్స్ 4 దగ్గర పెడతారు. దాని అసలు పేరెంట్ ఇండెక్స్ 1 దగ్గరున్న 5. మూడు అంతకన్నా చిన్నది కాబట్టి పైకి ఎక్కాలి. కానీ తప్పు సూత్రం 4లో సగం అని 2 చూపిస్తుంది. అక్కడ ఉన్న విలువ కూడా 2. మూడు అంతకన్నా పెద్దది కదా అని ప్రోగ్రామ్ దాన్ని అక్కడే వదిలేస్తుంది. ఫలితం `[1, 5, 2, 6, 3]`. ఐదు కింద మూడు. నియమం అప్పుడే తెగిపోయింది, కానీ రూట్‌లో 1 అలాగే ఉంది కాబట్టి పైకి ఏమీ కనిపించదు.

ఇంకా 7, 8 వచ్చాయి. ఏడు ఇండెక్స్ 5లో కూర్చుంటుంది, దాని పేరెంట్ లెక్క ఎలా కట్టినా 2వ గదే. ఎనిమిది ఇండెక్స్ 6లోకి వస్తుంది. తప్పు సూత్రం దానికి 3వ గదిలోని 6ను పేరెంట్‌గా చూపిస్తుంది, ఎనిమిది అంతకన్నా పెద్దది కాబట్టి కదలదు. అర్రే `[1, 5, 2, 6, 3, 7, 8]` అయింది. ఇక చిన్నవాటిని ఒక్కొక్కటే తీయడం మొదలుపెడితే మొదట 1 వస్తుంది, సరే. చివరనున్న 8 రూట్‌కు వచ్చి, పిల్లల సూత్రాలు చెప్పిన దారిలో దిగుతుంది. 2 పైకి, 7 దాని కిందికి రాగా `[2, 5, 7, 6, 3, 8]` మిగులుతుంది. రెండోసారి 2 వస్తుంది, అదీ సరే. ఈసారి కూడా చివరనున్న 8 రూట్‌కు వస్తుంది. దాని పిల్లలు 5, 7. చిన్నదైన 5 రూట్‌కు ఎక్కుతుంది. ఎనిమిది ఇండెక్స్ 1లోకి దిగి, అక్కడి పిల్లలైన 6, 3లను చూసి, 3తో చోటు మార్చుకుంటుంది. అర్రే ఇప్పుడు `[5, 3, 7, 6, 8]`. మూడోసారి అడిగితే హీప్ ఇచ్చేది 5. మూడు దాని కిందే ఉంది.

ఒకటి, రెండు, ఆ తర్వాత ఐదు. ఈ విలువలు పనుల గడువులైతే ముందు జరగాల్సిన పని వెనక్కి పోయింది. దారి వెతికే ప్రోగ్రామ్‌లోనైతే దగ్గర దారి వదిలి దూరపు దారిని ముందు ఖాయం చేసుకున్నట్టే. పైగా తప్పు సూత్రం ఉన్నది విలువను చేర్చే భాగంలో, తప్పు జవాబు బయటపడింది విలువను తీసే భాగంలో, అదీ మూడోసారి తీసినప్పుడు. తీసే భాగాన్ని ఎంతసేపు చూసినా అందులో లోపం కనబడదు, ఎందుకంటే అది సరిగ్గానే ఉంది.

ఇలాంటి తప్పు మామూలు పరీక్షల్లో ఎందుకు దొరకదో కూడా లెక్కతోనే చెప్పవచ్చు. ఖాళీ హీప్‌తో మొదలుపెట్టి వరుసగా చేర్చుకుంటూ మాత్రమే పోతే, `j // 2` వాడినా మొదటి ఆరు విలువల దాకా హీప్ నియమం తప్పే అవకాశమే లేదు. ఇండెక్స్ 2ను తప్పుగా 1తో పోల్చినా, ఆ 1 కూడా 0 కిందే ఉంది. ఇండెక్స్ 4ను తప్పుగా 2తో పోల్చినా, ఆ తప్పు చెట్టులో 2 ఉండేది 1 కింద, కాబట్టి 4 చుట్టుదారిన తన అసలు పేరెంట్ కన్నా కిందే ఉంటుంది. ఇండెక్స్ 6 దగ్గరికి వచ్చేసరికి ఈ అదృష్టం చెల్లిపోతుంది. తప్పు చెట్టులో 6 మీద ఉండేది 3, దాని మీద 1, దాని మీద 0. అసలు పేరెంట్ అయిన 2 ఆ దారిలో ఎక్కడా లేదు. 1, 2, 8, 3, 9, 10, 4 అనే వరుసలో ఏడు విలువలు చేరిస్తే ఏదీ కదలదు, చివరికి 8 కింద 4 కూర్చుంటుంది. నాలుగైదు సంఖ్యలతో పరీక్షించి బాగుంది అనుకున్నవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు.

దీనికి పూర్తిగా ఎదురు సందర్భం ఒకటుంది. సున్నాతో మొదలయ్యే అర్రేలో మూడు సూత్రాలనూ ఒకటి పద్ధతిలోనే రాశారనుకోవాలి: పిల్లలు `2*i`, `2*i + 1`, పేరెంట్ `j // 2`. చూడగానే తప్పనిపిస్తుంది. రూట్‌కు ఎడమ చైల్డ్ ఇండెక్స్ సున్నా, అంటే తనకు తానే పిల్ల. అయినా ఈ హీప్ సరైన జవాబులే ఇస్తుంది. ఇండెక్స్ 1 నుంచి మొదలయ్యేదంతా చక్కని బైనరీ హీప్, దాని నెత్తిన ఒకే ఒక్క పిల్ల ఉన్న రూట్‌గా ఇండెక్స్ 0 కూర్చుంటుంది. కిందికి దించేటప్పుడు రూట్‌ను తనతోనే పోల్చడం వృథాయే కానీ హాని కాదు. ఒక సూత్రాన్ని విడిగా పట్టుకుని ఇది తప్పా ఒప్పా అని అడిగితే జవాబు లేదన్న సంగతి ఇక్కడే తేలుతుంది. మూడు సూత్రాలూ ఒకే చెట్టు గురించి మాట్లాడుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. అలాగని ఈ రూపాన్ని అలా వదిలేయడం మంచిది కాదు. తర్వాత ఎవరో వచ్చి పిల్లల సూత్రాలను మాత్రమే సరిదిద్దితే, అది పైన చూసిన కలగాపులగంగా మారుతుంది. అప్పటిదాకా పనిచేసిన ప్రోగ్రామ్ ఆ మరమ్మతుతో చెడిపోతుంది.

సూత్రం సరైనదే అయినా రూట్ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. రూట్‌కు పేరెంట్ లేదు. కానీ సూత్రానికి ఆ సంగతి తెలియదు, సున్నా ఇచ్చినా ఏదో ఒక సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్య భాషను బట్టి మారుతుంది. సీ, జావా, గో భాషల్లో `(0 - 1) / 2` అంటే సున్నా, ఎందుకంటే వాటిలో భాగహారం దశాంశాన్ని సున్నా వైపుకు కత్తిరిస్తుంది. పైథాన్‌లో `(0 - 1) // 2` అంటే -1, అక్కడ ఎప్పుడూ కింది సంఖ్యకే దిగుతుంది. జావాలో `(0 - 1) >>> 1` అని రాస్తే ఏకంగా 2147483647 వస్తుంది. వీటిలో పైథాన్ జవాబే అన్నిటికన్నా మోసకారి, ఎందుకంటే ఆ భాషలో -1 అనేది చెల్లుబాటయ్యే ఇండెక్స్. అర్రేలోని చివరి విలువ అని దానర్థం.

ఉదాహరణకు `[4, 9]` అనే హీప్‌లో 2 చేర్చారు, కానీ రూట్ చేరగానే ఆగాలనే షరతు రాయడం మరిచిపోయారు. రెండు ఇండెక్స్ 2లోకి వస్తుంది, పేరెంట్ 0 దగ్గరున్న 4తో చోటు మార్చుకుంటుంది: `[2, 9, 4]`. ఇక్కడ ఆగాలి. ఆగకుండా రూట్‌కు పేరెంట్ ఎవరని అడిగితే -1 వస్తుంది, అంటే చివరనున్న 4. రెండు దానికన్నా చిన్నది కదా అని మళ్లీ చోటు మారుస్తుంది: `[4, 9, 2]`. చేర్చినప్పుడు ఉన్న చోటికే రెండు తిరిగొచ్చింది. ఎర్రర్ మాత్రం రాదు. పైకి ఎక్కించే లూప్‌కు `while i > 0` అనే షరతు అలంకారం కాదు, అది సూత్రంలో భాగమే. గో భాషతో వచ్చే `container/heap` ప్యాకేజీలో ఈ పనిని మరోలా చేశారు. అక్కడ సున్నాకు పేరెంట్ సున్నాయే వస్తుంది కాబట్టి, పేరెంట్, నోడ్ ఒకటే అయితే ఆగిపొమ్మని రాశారు. రెండు పద్ధతులూ సరైనవే. ఒక భాషలోది ఇంకో భాషలోకి కళ్లు మూసుకుని తెచ్చుకుంటేనే చిక్కు.

భాగహారపు గుర్తు దగ్గర కూడా ఇలాగే జాగ్రత్త కావాలి. జావాస్క్రిప్ట్‌లో `(j - 1) / 2` అని రాస్తే ఇండెక్స్ 2కి పేరెంట్ 0.5 అవుతుంది. అర్రేలో 0.5వ గది ఉండదు కాబట్టి `undefined` వస్తుంది. దానితో సంఖ్యను ఎలా పోల్చినా జవాబు అబద్ధమే, కాబట్టి విలువ కదలకుండా కూర్చుంటుంది. ఇక్కడా బేసి ఇండెక్స్‌లకు అంతా సవ్యంగా ఉండి, కుడి పిల్లలు మాత్రమే ఇరుక్కుపోతారు. `Math.floor` వాడితే సరిపోతుంది. పైథాన్‌లో ఒంటి గీత `/` రాస్తే లిస్ట్ ఇండెక్స్‌గా దశాంశ సంఖ్య చెల్లదని వెంటనే ఎర్రర్ వస్తుంది, అది మంచిదే. బ్రాకెట్లు మరిచిపోతే మాత్రం అరుపూ కేకా ఉండదు. `j - 1 // 2` లో ముందు `1 // 2` లెక్కకు వచ్చి సున్నా అవుతుంది, కాబట్టి ప్రతి నోడ్‌కూ తానే పేరెంట్. చేర్చిన విలువ ఏదీ పైకి ఎక్కదు. `i << 1 + 1` అని రాస్తే కూడిక ముందు జరిగి, రెండింతలకు ఒకటి కలపాల్సింది పోయి నాలుగింతలవుతుంది. జావా ప్రామాణిక లైబ్రరీలోని `PriorityQueue` లో `(k << 1) + 1` అని బ్రాకెట్లు పెట్టి రాసింది అందుకే.

కిందికి దిగేటప్పుడు చూడాల్సిన హద్దు పిల్లలు అసలు ఉన్నారా అన్నది. మొత్తం `n` విలువలుంటే `2*i + 1` అనేది `n` కన్నా తక్కువ అయితేనే ఎడమ చైల్డ్ ఉన్నట్టు. కుడి చైల్డ్‌కు విడిగా మళ్లీ చూడాలి. `n` సరి సంఖ్య అయిన ప్రతిసారీ చివరి పేరెంట్‌కు ఎడమ పిల్ల ఒక్కటే ఉంటుంది, కుడి గది ఖాళీ. ఉన్న అర్రేను ఒక్కసారిగా హీప్‌గా మార్చేటప్పుడు మొదలుపెట్టాల్సిన చోటు కూడా పేరెంట్ సూత్రం నుంచే వస్తుంది. చివరి విలువ ఇండెక్స్ `n - 1`, దాని పేరెంట్ `(n - 2) // 2`, అంటే `n // 2 - 1`. అక్కడి నుంచి వెనక్కి సున్నా దాకా, సున్నాను కూడా కలుపుకుని, ఒక్కో నోడ్‌నూ కిందికి దించాలి. పైథాన్‌లో `range(n // 2 - 1, 0, -1)` అని రాస్తే సున్నా మిగిలిపోతుంది, రూట్ ఒక్కదాన్నీ సర్దకుండా వదిలేసినట్టవుతుంది. మూడో అంకె -1 కి ముందున్నది కూడా -1 కావాలి. ఇక చాలా పెద్ద అర్రేల్లో `2*i + 1` పూర్ణాంకపు హద్దు దాటి రుణసంఖ్య కావచ్చు. గో ప్యాకేజీలో `j1 >= n` తోపాటు `j1 < 0` అని కూడా చూసి, అది ఓవర్‌ఫ్లో కోసమని పక్కనే రాసిపెట్టారు.

ఇన్ని రకాల తప్పులున్నా సూత్రాలను సరిచూసే పని మాత్రం చిన్నదే. హీప్‌లో ఏ విలువా పెట్టకుండా, సూత్రాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే చాలు:

```python
assert left(0) == 1
for i in range(1000):
    assert right(i) == left(i) + 1
    assert left(i + 1) == right(i) + 1
    assert parent(left(i)) == i
    assert parent(right(i)) == i
```

మొదటి వరుస రూట్ మొదటి పిల్లను ఇండెక్స్ 1కి కట్టేస్తుంది. తర్వాతి రెండు నియమాలు పిల్లలు ఖాళీ లేకుండా, ఒకరి మీద ఒకరు పడకుండా వరుసగా కూర్చున్నారని తేలుస్తాయి. ఈ మూడూ నిలిస్తే ఎడమ చైల్డ్ `2*i + 1` తప్ప ఇంకేదీ కాలేదు. చివరి రెండు వరుసలు పిల్లల దగ్గరికి వెళ్లి వెనక్కి వస్తే బయల్దేరిన చోటికే చేరుతున్నారా అని అడుగుతాయి. `j // 2` తప్పు ఆఖరి వరుసలో `i` సున్నా అయినప్పుడే దొరికిపోతుంది: 2కి పేరెంట్ 1 అంటుంది, కావాల్సింది 0. ఒకటి పద్ధతి సూత్రాలను సున్నా అర్రేకు వాడితే మొదటి వరుసలోనే పట్టుబడుతుంది. బ్రాకెట్లు మరిచిన రూపాలూ ఇక్కడ తప్పించుకోలేవు.

ఆ తర్వాత నడుస్తున్న హీప్‌ను పరీక్షించే ఫంక్షన్ ఒకటి రాసుకోవాలి. ఇండెక్స్ 1 నుంచి చివరిదాకా ప్రతి విలువనూ పేరెంట్‌తో పోల్చి చూడటమే దాని పని. ఇక్కడ ఒక మెలకువ ఉంది. ఈ ఫంక్షన్ ప్రోగ్రామ్‌లోని `parent` నే పిలిస్తే తప్పును తప్పుతోనే కొలిచినట్టవుతుంది. పైన చూసిన `[1, 2, 8, 3, 9, 10, 4]` ను `j // 2` తో పరీక్షిస్తే అంతా సవ్యమనే అంటుంది. అందుకే పరీక్షలో పేరెంట్‌ను అడగకుండా, ప్రతి `i` నుంచి `2*i + 1`, `2*i + 2` అని నేరుగా రాసి పిల్లలను చూడాలి. ఇంకో మంచి పరీక్ష, కొన్ని వందల యాదృచ్ఛిక సంఖ్యలను చేరుస్తూ, మధ్యమధ్యలో తీస్తూ, తీసిన ప్రతిసారీ మామూలు లిస్ట్‌లో `min` తో వెతికిన జవాబుతో సరిపోల్చడం. చేర్చడం, తీయడం కలిసి నడవాలి. ఒట్టి చేర్పులతోనే పరీక్షిస్తే, కలగాపులగపు సూత్రంతో కూడా రూట్‌లో ఎప్పుడూ అతి చిన్న విలువే ఉంటుంది.

సొంతంగా హీప్ రాయాల్సిన అవసరం లేని చోట పైథాన్‌లోని `heapq`, జావాలోని `PriorityQueue` లను వాడుకోవడమే ఉత్తమం. అవి రెండూ సున్నా పద్ధతిలోనే రాసినవి. `heapq` పేరెంట్‌ను `(pos - 1) >> 1` అనీ, జావా `(k - 1) >>> 1` అనీ లెక్క కడతాయి. రాయక తప్పని చోట, ఏ పద్ధతిలో రాస్తున్నారో ఫైల్ పైన ఒక వాక్యంలో చెప్పి, మూడు సూత్రాలనూ ఒకే దగ్గర మూడు ఫంక్షన్లుగా ఉంచి, మిగతా ప్రోగ్రామ్‌లో ఎక్కడా `2*i` అని విడిగా రాయకుండా చూసుకోవాలి.